సర్టిఫికెట్‌లోని ‘±’ వెనుక లెక్క

తూకపు రాయికి క్యాలిబ్రేషన్ చేసిన ప్రయోగశాల ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫలితం ఒక్క అంకెతో ముగియదు. ‘100 గ్రా. + 0.72 మి.గ్రా., అనిశ్చితి ± 0.23 మి.గ్రా., k = 2’ అన్నట్టు ఉంటుంది. మొదటి అంకె రాయి ఎంత తూగిందో చెబుతుంది. ± పక్కన ఉన్న అంకె ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చో చెబుతుంది. ఈ రెండో అంకెను విస్తృత అనిశ్చితి అంటారు.

ఆ అంకెలో ప్రధానంగా రెండు వాటాలు ఉంటాయి. అదే రాయిని అదే త్రాసుపై మళ్లీ మళ్లీ తూచినా రీడింగులు కొద్దిగా అటూ ఇటూ చెదురుతాయి. ఇది మొదటి వాటా. ఏ ప్రమాణ రాయితో పోల్చి తూచారో, ఆ ప్రమాణ రాయి విలువ కూడా కొంత మేరకే తెలుసు. ఇది రెండో వాటా. మొదటిది కొలిచేవారి కళ్ల ముందే కనిపిస్తుంది. రెండోది ఎన్నిసార్లు తూచినా కనిపించదు. కాగితం మీద మాత్రమే తెలుస్తుంది. ఇంత భిన్నమైన రెండింటిని ఒకే అంకెలోకి ఎలా తేవాలన్నదే ఈ లెక్క సారాంశం. దీనికి నేడు ప్రపంచమంతా అనుసరించే పద్ధతి 1993లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించిన మార్గదర్శిలో ఉంది. దాన్ని పొడి అక్షరాల్లో ‘గమ్’ అని పిలుస్తారు.

తూకం జరిగే తీరు

నగల దుకాణంలోని త్రాసును సరిచూడటానికి వాడే 100 గ్రాముల ఇత్తడి రాయిని ఉదాహరణగా తీసుకోవచ్చు. తూకపు రాళ్లకు అంతర్జాతీయ లీగల్ మెట్రాలజీ సంస్థ ఆర్ 111 అనే పత్రంలో తరగతులు నిర్ణయించింది. ఈ రాయి ఎఫ్2 తరగతిది. ఆ తరగతిలో 100 గ్రాముల రాయికి అనుమతించిన గరిష్ఠ దోషం 1.6 మిల్లీగ్రాములు. దీన్ని పరీక్షించే ప్రమాణ రాయి ఒక మెట్టు పైన ఉన్న ఎఫ్1 తరగతి స్టీలు రాయి. త్రాసు గ్రాములో పదివేలో వంతు వరకు, అంటే 0.1 మి.గ్రా. వరకు చూపగలది. ప్రయోగశాల హైదరాబాద్‌లో ఉంది.

రెండు రాళ్లనూ కొన్ని గంటల ముందే త్రాసు పక్కన పెట్టి, గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి. రాయి గది కంటే వెచ్చగా ఉంటే దాని చుట్టూ గాలి పైకి లేచి, రాయి ఉన్నదానికంటే తేలిగ్గా తూగుతుంది. చేతి వేడీ చెమటా తగలకుండా రాయిని పట్టకారుతోనే ఎత్తాలి. పళ్లెం మధ్యలో పెట్టి, గాజు తలుపు మూసి, అంకె నిలకడగా ఆగేదాకా వేచి ఉండాలి.

మొదట ప్రమాణ రాయిని, తర్వాత పరీక్ష రాయిని, మళ్లీ ప్రమాణ రాయిని తూస్తారు. ఈ మూడు తూకాలూ కలిసి ఒక ఆవృత్తి. ప్రమాణ రాయిని రెండుసార్లు తూచడానికి కారణం ఉంది. త్రాసు అంకె కాలం గడిచేకొద్దీ మెల్లగా ఒకవైపు జరుగుతుంటుంది. ముందూ వెనుకా తీసిన రెండు రీడింగుల సగటును మధ్య రీడింగుతో పోలిస్తే ఆ జరుగుదల చాలావరకు కొట్టుకుపోతుంది. ఒక ఆవృత్తిలో రీడింగులు వరుసగా 100.0001, 100.0008, 100.0003 గ్రాములు వచ్చాయనుకుంటే, ప్రమాణ రాయి సగటు 100.0002 గ్రాములు. పరీక్ష రాయి దానికంటే 0.0006 గ్రాములు, అంటే 0.60 మి.గ్రా. ఎక్కువ.

ఇలా ఐదు ఆవృత్తులు చేస్తే వచ్చిన తేడాలు 0.60, 0.40, 0.55, 0.75, 0.45 మి.గ్రా. వాటి సగటు 0.55 మి.గ్రా. పరీక్ష రాయి ప్రమాణ రాయి కంటే అంత బరువన్నమాట.

చెదురును అంకెగా మార్చడం

ఐదు తేడాలూ ఒకటిగా లేవు. కనిష్ఠానికి, గరిష్ఠానికి మధ్య 0.35 మి.గ్రా. ఎడం ఉంది. గదిలో కదిలే గాలి, నేల కంపనం, రాయిని పళ్లెంలో పెట్టిన చోటు, త్రాసులోని విద్యుత్ అలజడి అన్నీ కలిసి ఈ చెదురును పుట్టిస్తాయి. దేని వాటా ఎంతో విడదీసి చూడాల్సిన పని లేదు. మొత్తం చెదురును రీడింగులే చెబుతాయి.

దాన్ని కొలిచే సాధనం ప్రామాణిక విచలనం. సగటు నుంచి ఒక్కో తేడా ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలను వర్గం చేసి కూడితే 0.075 వస్తుంది. దాన్ని ఆవృత్తుల సంఖ్య కంటే ఒకటి తక్కువతో, అంటే 4తో భాగించి వర్గమూలం తీస్తే 0.137 మి.గ్రా. ఇది ఒక్క ఆవృత్తికి ఉండే చెదురు.

సర్టిఫికెట్‌లోకి వెళ్లేది ఒక్క ఆవృత్తి కాదు, ఐదింటి సగటు. ఒకటి పైకి చెదిరితే మరొకటి కిందికి చెదిరి, సగటులో కొంత సర్దుకుపోతుంది. అందుకే 0.137ను 5 వర్గమూలంతో భాగిస్తారు. వచ్చేది 0.061 మి.గ్రా. సగటుకు ఉన్న ప్రామాణిక అనిశ్చితి ఇదే. రీడింగుల గణాంకాల నుంచి నేరుగా తేలింది కాబట్టి గమ్ దీన్ని ‘ఎ’ రకం అంటుంది.

ప్రమాణ రాయి తెచ్చే వాటా

ప్రమాణ రాయికి కూడా సొంత సర్టిఫికెట్ ఉంటుంది. దాని విలువ 100 గ్రా. + 0.12 మి.గ్రా. అనీ, విస్తృత అనిశ్చితి 0.15 మి.గ్రా., k = 2 అనీ అందులో ఉందనుకోవచ్చు. ఆ 0.15 కూడా అంతకు పై మెట్టులోని ప్రమాణం నుంచి ఇదే రకం లెక్కతో వచ్చింది. మన దేశంలో ఈ మెట్ల పైకొసన న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఉంటుంది. దేశపు కిలోగ్రాము నమూనా, 57వ నంబరుది, అక్కడే ఉంది.

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. సర్టిఫికెట్‌లోని 0.15 విస్తృత అనిశ్చితి. అంటే ఎవరో అప్పటికే దాన్ని 2తో గుణించి పెట్టారు. చెదురు నుంచి వచ్చిన 0.061 మాత్రం ఇంకా గుణించని ప్రామాణిక అనిశ్చితి. గజాల్లో ఉన్న పొడవును మీటర్లలోని పొడవుతో కలపలేనట్టే ఈ రెండింటినీ ఉన్నపళంగా కలపకూడదు. ముందుగా 0.15ను దాని k విలువైన 2తో భాగించి 0.075 మి.గ్రా.కు తేవాలి. ఇప్పుడు రెండూ ఒకే కొలబద్దపై ఉన్నాయి.

ఆ సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజు నుంచి ప్రమాణ రాయి అలాగే ఉండిపోదు. వాడకంలో అరుగుతుంది, గాలిలోని మసి పట్టుకుంటుంది. గత కొన్ని క్యాలిబ్రేషన్లలో దాని విలువ 0.06 మి.గ్రా.కు మించి మారలేదని పాత సర్టిఫికెట్లు చెబుతుంటే, ఈసారి కూడా మార్పు ±0.06 లోపలే ఎక్కడో ఉంటుందని తీసుకుంటారు. ఎక్కడ ఉందో తెలియదు. ఆ హద్దుల మధ్య ప్రతి చోటికీ సమాన అవకాశం ఇవ్వాలి. ఇలాంటి అవకాశాల పటం దీర్ఘచతురస్రంలా ఉంటుంది. దాని ప్రామాణిక అనిశ్చితి కావాలంటే సగం వెడల్పును 3 వర్గమూలంతో భాగించాలి. 0.06 అలా 0.035 మి.గ్రా. అవుతుంది.

సర్టిఫికెట్, పాత రికార్డులు, తయారీదారు ఇచ్చిన వివరాలు వంటి ఆధారాలతో తేల్చిన వాటాలను గమ్ ‘బి’ రకం అంటుంది. ఎ, బి అన్నవి అంకె ఎలా తెలిసిందో చెప్పే గుర్తులు మాత్రమే. ఒకటి గట్టిది, రెండోది బలహీనమైనది అని వాటి అర్థం కాదు. కలిపేటప్పుడు రెండింటికీ ఒకే మర్యాద.

త్రాసు, గాలి

త్రాసు 0.1 మి.గ్రా. కంటే చిన్న తేడాను చూపలేదు. తెరపై ఉన్న ప్రతి అంకె అసలు విలువకు ఇటు 0.05, అటు 0.05 లోపల ఉంటుంది. ఇది కూడా దీర్ఘచతురస్రమే. 0.05ను 3 వర్గమూలంతో భాగిస్తే 0.029 వస్తుంది. ప్రతి తేడాలోనూ రెండు రాళ్ల రీడింగులు ఉంటాయి కాబట్టి 2 వర్గమూలంతో గుణించి 0.041 మి.గ్రా. తీసుకుంటారు.

గాలి సంగతి హైదరాబాద్‌లో ప్రత్యేకంగా చూడాలి. నీటిలో మునిగిన వస్తువులాగే గాలిలోని వస్తువు కూడా కొద్దిగా తేలిక అవుతుంది. స్టీలు కంటే ఇత్తడి సాంద్రమైనది, కాబట్టి 100 గ్రాముల ఇత్తడి రాయి తక్కువ చోటు ఆక్రమిస్తుంది. గాలి దాన్ని తక్కువగా పైకి నెడుతుంది. సర్టిఫికెట్ విలువలన్నీ ఘనమీటరుకు 1.2 కిలోల సాంద్రత ఉన్న గాలిలో తూచినట్టుగా ఇవ్వడం ఆనవాయితీ. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న విశాఖపట్నంలో గాలి ఆ విలువకు చేరువలో ఉంటుంది. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో గాలి పలచబడి, 23 డిగ్రీల వద్ద సాంద్రత 1.11 దగ్గరికి దిగుతుంది. ఇత్తడి సాంద్రత 8400, స్టీలుది 8000 అని తీసుకుంటే ఈ తేడా 100 గ్రాములకు 0.05 మి.గ్రా. అవుతుంది. పలచని గాలిలో స్టీలు రాయి ఎక్కువ బరువు పుంజుకుంటుంది. ఇత్తడి రాయి వెనకబడినట్టు కనిపిస్తుంది. ఆ 0.05ను ఇత్తడి రాయి విలువకు కలపాలి.

ఎంత కలపాలో తెలిసినదాన్ని కలిపేయాలి. అది అనిశ్చితి ఖాతాలోకి రాదు. ఆ సవరణ ఎంత సరైనదన్న సందేహం మాత్రమే ఖాతాలోకి వస్తుంది. ఇత్తడి సాంద్రత ఒక్కో పోతలో కొంత మారుతుంది, గాలి సాంద్రత కూడా సుమారుగానే తెలుసు. ఈ రెండింటికీ సరిపోయేలా 0.02 మి.గ్రా. చాలు.

వర్గాల కూడిక

పరీక్ష రాయి విలువ ఇప్పుడు తేలింది. ప్రమాణ రాయి అదనం 0.12, తూకంలో తేడా 0.55, గాలి సవరణ 0.05. మొత్తం 0.72 మి.గ్రా. అంటే రాయి 100 గ్రా. + 0.72 మి.గ్రా.

అనిశ్చితి వాటాలను మాత్రం ఇలా నేరుగా కూడరు. వాటి వర్గాలను కూడి, మొత్తానికి వర్గమూలం తీస్తారు.

| మూలం | ప్రామాణిక అనిశ్చితి (మి.గ్రా.) | వర్గం |
|---|---|---|
| ఐదు ఆవృత్తుల చెదురు | 0.061 | 0.0037 |
| ప్రమాణ రాయి సర్టిఫికెట్ | 0.075 | 0.0056 |
| ప్రమాణ రాయిలో కాలక్రమ మార్పు | 0.035 | 0.0012 |
| త్రాసు చూపే అతిచిన్న అంకె | 0.041 | 0.0017 |
| గాలి సవరణ | 0.020 | 0.0004 |
| మొత్తం | | 0.0126 |

0.0126 వర్గమూలం 0.112. సంయుక్త ప్రామాణిక అనిశ్చితి 0.112 మి.గ్రా. అన్నమాట.

వర్గాలే ఎందుకన్నదానికి బడిలో నేర్చిన లంబకోణ త్రిభుజం సాయపడుతుంది. ఒక భుజం 3, మరో భుజం 4 అయితే కర్ణం 7 కాదు, 5. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు అనిశ్చితులూ అలాగే నడుస్తాయి. ప్రమాణ రాయి విలువ పైకి తప్పి ఉన్నప్పుడే గదిలోని గాలి కూడా రీడింగును పైకే నెట్టాలన్న నియమం ఏదీ లేదు. ఒక్కోసారి రెండూ ఒకే వైపు ఉంటాయి, ఒక్కోసారి ఎదురెదురు అవుతాయి. నేరుగా కూడితే అన్నీ ప్రతిసారీ ఒకే వైపు కుట్ర పన్నినట్టు లెక్కించినట్టవుతుంది. పై పట్టికలోని అంకెలను అలా కూడితే 0.232 వస్తుంది. అసలుకు రెట్టింపు కంటే ఎక్కువ.

సంబంధం ఉన్నచోట మాత్రం నేరుగానే కూడాలి. 100 గ్రాముల ప్రమాణ రాయి లేక రెండు 50 గ్రాముల రాళ్లను కలిపి వాడితే, ఆ రెండూ ఒకే పై ప్రమాణంతో పోల్చినవి కావచ్చు. ఆ పై ప్రమాణం పైకి తప్పితే ఇవి రెండూ కలిసే పైకి తప్పుతాయి. వాటి అనిశ్చితులను ముందు మామూలుగా కూడి, వచ్చిన మొత్తాన్నే ఒక వాటాగా పట్టికలో రాయాలి.

రెండుతో గుణించడం

0.112 అన్న అంకె ఇరువైపులా ఇచ్చే పరిధిలో అసలు విలువ ఉండే అవకాశం సుమారు 68 శాతం. దుకాణదారుకైనా తనిఖీ అధికారికైనా అంత నమ్మకం చాలదు. అందుకే దాన్ని కవరేజ్ ఫ్యాక్టర్ అనే సంఖ్యతో గుణిస్తారు. దానికి గుర్తు k. k = 2 అయితే నమ్మకం సుమారు 95 శాతానికి చేరుతుంది. 0.112ను రెట్టిస్తే దాదాపు 0.225. ప్రకటించేటప్పుడు రెండు అంకెలకు కుదించి 0.23 మి.గ్రా. అని రాస్తారు.

ఈ 2 ఎల్లవేళలా చెల్లదు. ఐదు ఆవృత్తుల నుంచి తీసిన ప్రామాణిక విచలనం కూడా సందేహాస్పదమే. మరో ఐదు చేస్తే వేరే అంకె వస్తుంది. ఆవృత్తులు తగ్గేకొద్దీ ఆ సందేహం పెరుగుతుంది. దాన్ని భర్తీ చేయడానికి k పెరగాలి. అనిశ్చితి అంతా మూడు ఆవృత్తుల చెదురు నుంచే వచ్చిందనుకుంటే, అదే నమ్మకానికి k ఏకంగా 4.53 కావాలి. ఐదు ఆవృత్తులైతే 2.87. పై ఉదాహరణలో చెదురు వాటా మొత్తంలో మూడో వంతు కంటే తక్కువ కాబట్టి k 2.06 దగ్గరే ఆగుతుంది. దానితో గుణించినా 0.23 మారదు. చెదురు వాటా పెద్దదై, ఆవృత్తులు కొద్దిగా ఉన్న చోట మాత్రం k = 2 అని రాయడం చేతిలో లేని నమ్మకాన్ని రాసివ్వడమే. ఇలాంటప్పుడు ప్రయోగశాలలు అదే త్రాసుపై నెలల తరబడి కూడబెట్టిన రీడింగుల నుంచి ప్రామాణిక విచలనాన్ని తీసుకుంటాయి.

లెక్క ఎక్కడ తప్పుతుంది

ఎక్కువసార్లు తూస్తే అనిశ్చితి కావలసినంత తగ్గిపోతుందనుకోవడం మొదటి పొరపాటు. ఐదు ఆవృత్తులకు బదులు ఇరవై చేస్తే చెదురు వాటా సగానికి, 0.031కి దిగుతుంది. విస్తృత అనిశ్చితి మాత్రం 0.23 నుంచి 0.20కి మాత్రమే వస్తుంది. లెక్కలేనన్ని ఆవృత్తులు చేసినా 0.19 దగ్గర ఆగిపోతుంది. ప్రమాణ రాయి 0.05 మి.గ్రా. తప్పి ఉంటే ఐదు తేడాల్లోనూ, ఇరవై తేడాల్లోనూ ఆ 0.05 ఒకేలా దాగి ఉంటుంది. సగటు దాన్ని అరగదీయలేదు. అందుకే ప్రమాణ రాయి వాటాను ఆవృత్తుల వర్గమూలంతో ఎన్నడూ భాగించకూడదు.

రీడింగులన్నీ ఒకటే వస్తే అనిశ్చితి లేదనుకోవడం రెండో పొరపాటు. ఇదే రాయిని 10 మి.గ్రా. వరకే చూపే త్రాసుపై తూస్తే ఐదుసార్లూ 100.00 అనే కనిపించవచ్చు. చెదురు సున్నా. త్రాసు మొరటుదనం చెదురును మింగేసిందని దాని అర్థం. అప్పుడు అతిచిన్న అంకె వాటా ఒక్కటే 4 మి.గ్రా. దాటుతుంది.

మూడోది, సర్టిఫికెట్‌లోని 0.15ను 2తో భాగించకుండా పట్టికలో రాసేయడం. అలా చేస్తే విస్తృత అనిశ్చితి 0.34కి ఉబ్బుతుంది. అనిశ్చితి పెద్దదిగా చూపితే భద్రమే కదా అనిపించవచ్చు. కానీ అది కూడా తప్పుడు మాటే. మంచి రాయిని అనవసరంగా సందేహంలోకి నెడుతుంది.

నాలుగోది, ప్రమాణ రాయి అసలు విలువను వదిలేసి, అది ఎఫ్1 కాబట్టి సరిగ్గా 100 గ్రాములే అనుకోవడం. ఎఫ్1 తరగతిలో 100 గ్రాములకు అనుమతించిన దోషం 0.5 మి.గ్రా. అసలు విలువ ఆ హద్దుల్లో ఎక్కడైనా ఉండవచ్చు కాబట్టి వాటా 0.5ను 3 వర్గమూలంతో భాగించగా 0.29 అవుతుంది. విస్తృత అనిశ్చితి 0.60కి చేరుతుంది. ఆర్ 111 ప్రకారం విస్తృత అనిశ్చితి గరిష్ఠ దోషంలో మూడో వంతును, ఇక్కడ 0.53ను, మించకూడదు. సర్టిఫికెట్‌లోని విలువను వాడకపోవడం అన్న ఒక్క కారణంతో ఈ పని ఎఫ్2 రాయికి పనికిరాకుండా పోతుంది.

ఈ పట్టికలో చేరని తప్పులు కూడా ఉంటాయి. వేడి తగ్గని రాయి, అయస్కాంతత్వం పట్టిన రాయి, సరిదిద్దని త్రాసు, ఇవి రీడింగులను చెదరనివ్వకుండానే అన్నింటినీ ఒకవైపుకు జరుపుతాయి. వీటిని పట్టుకోవడానికి ప్రయోగశాలలో విలువ ముందే తెలిసిన మరో రాయిని తనిఖీ రాయిగా ఉంచి, పరీక్ష రాళ్లతో పాటు తూస్తారు. ఆ రాయికి వచ్చిన విలువకు, తెలిసిన విలువకు మధ్య తేడాను రెండు విలువల విస్తృత అనిశ్చితుల వర్గాల మొత్తపు వర్గమూలంతో పోల్చుతారు. తేడా దానికి మించితే లెక్కలోకి రాని కారణం ఏదో ఉన్నట్టే. అది తేలేదాకా సర్టిఫికెట్ ఇవ్వకూడదు.

ఫలితాన్ని చదవడం

100 గ్రా. + 0.72 మి.గ్రా., ± 0.23 మి.గ్రా. అంటే, రాయి 100 గ్రాముల కంటే 0.49 నుంచి 0.95 మి.గ్రా. మధ్య ఎక్కువ ఉందని సుమారు 95 శాతం నమ్మకంతో చెప్పడం. పై హద్దు 0.95 కూడా అనుమతించిన 1.6కు బాగా లోపలే ఉంది కాబట్టి రాయి ఎఫ్2గా నిలుస్తుంది. అదే రాయి 1.50 తూగి ఉంటే పరిధి 1.73 దాకా వెళ్లేది. అప్పుడు నెగ్గిందని ధీమాగా చెప్పడానికి వీలుండేది కాదు.

ఈ రాయి రేపు నగల దుకాణంలో ఒక త్రాసును సరిచూస్తుంది. ఆ పని చేసేవారు ఈ సర్టిఫికెట్‌ను తెరిచి, 0.23ను 2తో భాగించి, తమ పట్టికలో ‘ప్రమాణ రాయి’ అన్న వరుసలో రాసుకుంటారు. అక్కడి చెదురు అక్కడి రీడింగుల నుంచి కొత్తగా వస్తుంది.